రథయాత్ర రద్దీలో డబ్బు, ఫోన్ ఎక్కడ పెట్టుకోవాలి? యాంటీ థెఫ్ట్ బ్యాగ్, మనీ బెల్ట్ పాఠం



పూరీ రథయాత్రకి మొదటిసారి వెళ్తున్నవాళ్ళు ఎక్కువగా అడిగేది దర్శనం గురించి, రూమ్ గురించి. ఫోన్, డబ్బు ఎలా పెట్టుకోవాలి అని అడిగేవాళ్ళు తక్కువ. అది పోయాక గుర్తొచ్చే ప్రశ్న కదా! ఈరోజు ఆ ఒక్క విషయమే నెమ్మదిగా చూద్దాం.

ముందు మా ఇంట్లో జరిగింది చెప్తాను. రెండేళ్ళ క్రితం మా పిన్ని ఒక ఉత్సవానికి వెళ్ళింది. భుజానికి మామూలు హ్యాండ్‌బ్యాగ్. జనం ఒక్కసారి ముందుకు తోసుకొచ్చారు, ఒక్క నిమిషం తర్వాత సర్దుకున్నారు. కాసేపటికి పిన్నికి బ్యాగ్ తేలికగా అనిపించింది. తిప్పి చూస్తే అడుగున జానెడు కోత. జిప్పు వేసింది వేసినట్టే ఉంది. పర్సు, ఫోన్ రెండూ లేవు. తిరుగు టికెట్ ఫోన్‌లో, డబ్బు పర్సులో, మిగతా డబ్బు బ్యాంకులో ఉన్నా అది తీయడానికి యూపీఐ మళ్ళీ ఆ ఫోన్‌లోనే. మాకు ఫోన్ చేద్దామంటే ఒక్కరి నంబరూ నోటికి రాదు. "డబ్బు పోయినందుకు కాదురా, ఆ జనంలో ఒంటరిదాన్నయిపోయానని ఏడుపొచ్చింది" అంది తర్వాత.

పోయిన సంవత్సరం పిన్నిని, తమ్ముడిని తీసుకుని పూరీ వెళ్ళేముందు నేను నాలుగు షాపులు తిరిగి ఈ బ్యాగుల సంగతి తెలుసుకున్నాను. కొన్నవీ, కొని పారేసినవీ, వాడినవీ అన్నీ కలిపి చెప్తున్నాను.

దొంగ చెయ్యి ఎక్కడికి వస్తుంది?

రద్దీలో దొంగతనం మూడు రకాలుగా జరుగుతుంది. మొదటిది, తెరిచి ఉన్న జేబులోంచి చేత్తో లాగేయడం. ప్యాంటు వెనక జేబు, చొక్కా పైజేబు దీనికి దొరికిపోతాయి. రెండోది, వెనక్కి జరిగిపోయిన బ్యాగ్ జిప్పు మెల్లగా తీయడం. మూడోది బ్లేడ్. బ్యాగ్ అడుగునో పక్కనో కోసి లోపలి వస్తువు జారేలా చేయడం, లేదా పట్టీ కోసి బ్యాగే లాక్కుపోవడం.

ఈ మూడింటికీ కావలసింది ఒకటే, మీ ధ్యాస ఇంకెక్కడో ఉన్న క్షణం. రైలు డబ్బా తలుపు దగ్గర తోపులాట, రథం కదిలినప్పుడు అందరూ చేతులు పైకెత్తడం, ఫోన్‌లో వీడియో తీయడం. బడదండ మీద ఇలాంటి క్షణాలు వందలు వస్తాయి. జగన్నాథ ఆలయం నుంచి గుండిచా ఆలయం దాకా సుమారు 3 కిలోమీటర్ల ఆ రోడ్డు మీద అందరి కళ్ళూ రథం మీదే ఉంటాయి. ఉండాలి కూడా! అందుకే మన కాపలా మన కళ్ళ మీద కాకుండా బ్యాగ్ మీదా, దాన్ని పెట్టుకున్న చోటు మీదా ఆధారపడాలి.

ఇక్కడ ఒక మాట. బ్లేడ్ భయం పెద్దదే గానీ, మొదటి రెండు పద్ధతులే దొంగకి సులువు. కోతకు ఆగే ఖరీదైన బ్యాగ్ కొని, దాన్ని వీపు మీదకి వదిలేసి, జిప్పు సగం తెరిచి నడిస్తే ఆ డబ్బు దండగ. కాబట్టి వరస ఇది. ముందు బ్యాగ్ ఉండే చోటు, తర్వాత జిప్పు, ఆ తర్వాతే బట్ట.

చోటు అంటే ముందు వైపు. క్రాస్‌బాడీ పట్టీ ఒక భుజం మీంచి ఎదురు నడుము వైపు వస్తుంది. పట్టీ ఎంత పొట్టిగా ఉండాలంటే, బ్యాగ్ పై అంచు బొడ్డు దగ్గరకి రావాలి, మోచెయ్యి మడిస్తే అరచెయ్యి సహజంగా దాని మీద పడాలి. కాలేజీకి వేసుకున్నట్టు తొడ దాకా వేలాడదీస్తే నాలుగడుగులకే అది వెనక్కి వెళ్ళిపోతుంది. ముఖ్యమైన వస్తువులున్న జిప్పు మీ పొట్ట వైపు ఉండాలి.

జిప్పుకి చిన్న కొక్కెం ఉంటే మంచిది. చాలా యాంటీ థెఫ్ట్ బ్యాగుల్లో జిప్పు లాగే చివరని పక్కనున్న ఒక రింగుకి తగిలించే ఏర్పాటు ఉంటుంది. అది తాళం కాదు, ఎవరైనా తీయొచ్చు. కానీ తీయడానికి రెండు చేతులూ, రెండు మూడు సెకన్లూ కావాలి. దొంగకి ఆ సెకన్లే ఉండవు. రింగు లేని బ్యాగ్ మీ దగ్గర ఉంటే ఒక పిన్నీసు పెట్టండి, అదే పని చేస్తుంది.

కోతకు ఆగే బట్ట అంటే ఏమిటి?

షాపులో నేను మొదట అడిగింది ఇది. "అన్నా, ఇది కోస్తే తెగదా?"

"తెగదు బాబూ, వెయ్యి డీనియర్ నైలాన్, చాలా గట్టి మెటీరియల్" అన్నాడు.

ఇక్కడే చాలామంది మోసపోతారు. ఆయన అబద్ధం చెప్పలేదు, ఆయనకీ తేడా తెలియదు. డీనియర్ అంటే దారం ఎంత లావు అన్నదానికి కొలత. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అది అన్ని డీనియర్లు. లావు దారంతో నేసిన బట్ట రాపిడికి ఆగుతుంది, ఎక్కువ కాలం మన్నుతుంది. కానీ పదునైన బ్లేడ్‌కి నైలాన్ నైలానే. 1000 డీనియర్ అయినా కొంచెం గట్టిగా లాగితే తెగిపోతుంది.

నిజంగా కోతకు ఆగేవి రెండు రకాలు. ఒకటి, బయటి బట్టకీ లోపలి లైనింగ్‌కీ మధ్య సన్నటి స్టెయిన్‌లెస్ స్టీల్ తీగల వల పెట్టడం. బ్లేడ్ పై బట్టని కోస్తుంది, వల దగ్గర ఆగిపోతుంది. పై బట్ట పాడవుతుంది, లోపలి పర్సు మాత్రం కింద పడదు. రెండోది, దారమే కోతకు ఆగేది వాడటం. కసాయి దుకాణాల్లో, గాజు ఫ్యాక్టరీల్లో వేసుకునే చేతి తొడుగుల్లో ఉండే గట్టి పాలిథిలిన్ దారం అది. లేబుల్ మీద హెచ్‌పీపీఈ అనో, డైనీమా అనో ఉంటుంది. స్టీల్ వల కంటే ఇది తేలిక, మెత్తన, తడి పీల్చదు.

కొన్ని బ్యాగుల మీద "కట్ లెవెల్ 5" అని పెద్ద అక్షరాలతో రాస్తారు. అది అసలు చేతి తొడుగుల పరీక్షలోంచి వచ్చిన మాట. ఆ పరీక్ష ఒక బట్ట ముక్కకి జరుగుతుంది, మొత్తం బ్యాగ్‌కి కాదు. కాబట్టి అడగాల్సిన ప్రశ్న "లెవెల్ ఎంత" అని కాదు. "ఆ బట్ట బ్యాగ్‌లో ఎక్కడెక్కడ ఉంది?" అని.

ఎందుకంటే చాలా బ్యాగుల్లో వల ముందు పలక మీద మాత్రమే ఉంటుంది. పిన్ని బ్యాగ్ తెగింది అడుగున! షాపులోనే చేత్తో తెలుసుకోవచ్చు. బ్యాగ్ ఖాళీ చేయించి, బొటనవేలూ చూపుడువేలూ మధ్య బట్టని నలపండి. తీగల వల ఉంటే సన్నని గరుకు తగులుతుంది, మడిచి వదిలితే మెల్లగా సర్దుకుంటుంది. ముందు పలక, అడుగు, రెండు పక్కలు అన్నీ ఇలా చూడండి. అడుగున ఏమీ తగలకపోతే ఆ బ్యాగ్ వద్దు.

కొంతమంది అయస్కాంతం పెట్టి చూడమంటారు. అది నమ్మకండి. స్టెయిన్‌లెస్ స్టీల్‌లో చాలా రకాలు అయస్కాంతానికి సరిగా అంటుకోవు. అంటుకోలేదు కాబట్టి స్టీల్ లేదని కాదు. హెచ్‌పీపీఈ బట్టకైతే అసలు అంటుకోదు. దానికి వేళ్ళతో కూడా తేడా తెలియదు, లేబుల్ చూడటం, ఎక్కడెక్కడ ఉందో కంపెనీ రాతలో చదవడం తప్ప దారి లేదు.

హద్దు కూడా చెప్పుకోవాలి. ఇది కోతకు "ఆగే" బట్ట, కోతే "పడని" బట్ట కాదు. మంచి కత్తెరకీ, తీగలు కోసే కట్టర్‌కీ ఇది లొంగుతుంది. తీరిక దొరికితే ఎవరైనా తెరుస్తారు. కాబట్టి రాత్రి రైల్లో బెర్త్ కింద పెట్టి నిద్రపోవడానికి ఇది పనికిరాదు. జనంలో ఆ ఒక్క క్షణం గడవడానికి పనికొస్తుంది, అంతే.

ఇంకో చిన్న సంగతి. బట్ట బిగుతుగా ఉంటే తొందరగా తెగుతుంది. కత్తిపీట దగ్గర చూడండి, సాగదీసి పట్టుకున్న తాడు ఒక్క వేటుకి తెగుతుంది, వదులుగా ఉన్నది జారిపోతుంది. కిక్కిరిసి నింపిన బ్యాగ్ అలాంటిదే. బ్యాగ్ మూడొంతులే నింపండి.

తెగని పట్టీతో వచ్చే ప్రమాదం

ఇది ఈ పాఠంలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన భాగం. దయచేసి దాటేయకండి.

యాంటీ థెఫ్ట్ బ్యాగుల పట్టీలో సాధారణంగా స్టీల్ తీగ ఉంటుంది. పట్టీని వంచితే స్ప్రింగులా తిరిగి వస్తుంది, అలా గుర్తుపట్టొచ్చు. బ్లేడ్‌తో పట్టీ కోసే దొంగకి ఇది మంచి జవాబు. కానీ అదే పట్టీ మీ మెడ పక్కనుంచి ఒంటి చుట్టూ ఉంటుంది. మామూలు పట్టీ గట్టిగా లాగితే కుట్టు ఊడుతుంది. ఇది ఊడదు. బ్యాగ్ బారికేడ్‌కి తగులుకుంటే, జనం మిమ్మల్ని ముందుకు తోస్తుంటే, ఆ పట్టీ మిమ్మల్ని వెనక్కి పట్టి ఉంచుతుంది.

2025 రథయాత్ర రోజుల్లో, జూన్ 29 తెల్లవారుజామున గుండిచా ఆలయం దగ్గర తొక్కిసలాటలో ముగ్గురు చనిపోయారు. దానికీ బ్యాగులకీ సంబంధం లేదు. కానీ అలాంటి జనంలో నిలబడబోతున్నాం అన్నది గుర్తుండాలి. అక్కడ కిందపడకుండా నిలబడటమే పెద్ద పని. మనల్ని కట్టిపడేసేది ఏదీ ఒంటి మీద ఉండకూడదు.

అందుకని పట్టీకి ఒక చివర ఒక్క చేత్తో విడిపోయే బకిల్ ఉందో లేదో చూడండి. అది మీ ఛాతీ ముందు, మీ చేతికి అందే చోట ఉండాలి, వీపు వైపు కాదు. కొన్నాక ఇంట్లో కళ్ళు మూసుకుని పదిసార్లు విప్పండి. చెయ్యి దానంతట అదే అక్కడికి వెళ్ళాలి. కొన్ని బ్యాగుల్లో దొంగకి తెలియకుండా బకిల్‌ని రెండు దశల్లో తీసేలా పెడతారు. రెస్టారెంట్ కుర్చీకి తగిలించడానికి అది బాగుంటుంది, తోపులాటలో పనికిరాదు. పిన్నికి నేను అలాంటిదే కొన్నాను, ఆవిడకి మూడుసార్లు ప్రయత్నించినా రాలేదు. వెంటనే మార్చేశాను.

బండి మీద వచ్చి లాగేవాళ్ళ విషయంలోనూ ఇంతే. పట్టీ తెగకపోతే మనిషే రోడ్డు మీద ఈడ్చుకుపోతారు. లాగితే వదిలేయండి. వదిలేయగలిగేంత మాత్రమే ఆ బ్యాగ్‌లో పెట్టుకోవడం ఎలాగో ఇప్పుడు చూద్దాం. దానికే మనీ బెల్ట్.

మనీ బెల్ట్: పాత అలవాటే, కొత్త బట్టలో

మన అమ్మమ్మలు డబ్బు రొంటిన దోపుకునేవారు. వక్కాకు సంచి కూడా అక్కడే. అది దొంగకి కనపడదు, తాకితే తెలుస్తుంది, మనిషి నుంచి విడిగా ఉండదు. మనీ బెల్ట్ సూత్రం అంతకంటే ఏమీ లేదు. బట్టల లోపల నడుముకి కట్టుకునే పలచటి పౌచ్, వెనక ఎలాస్టిక్ పట్టీ, ముందు చిన్న బకిల్.

దీనికి ఒకే ఒక్క నియమం ఉంది. జనంలో దాన్ని ముట్టుకోకూడదు. టీ తాగి పది రూపాయలకోసం చొక్కా ఎత్తి బెల్ట్ తెరిస్తే, చూసేవాళ్ళకి అసలు సొమ్ము ఎక్కడుందో మీరే చెప్పినట్టు. ఊరికే చేత్తో తడుముకోవడం కూడా అంతే. బెల్ట్ అంటే బ్యాంకు లాకర్, జేబు అంటే చిల్లర డబ్బా. పొద్దున్నా రాత్రీ, రూమ్‌లో తలుపు వేసుకున్నాక మాత్రమే తెరవాలి.

సమస్యల్లా వేడి. రథయాత్ర ఆషాఢ శుద్ధ విదియ నాడు. అంటే 2024లో జులై 7, 2025లో జూన్ 27 వచ్చింది. సముద్రపు ఊరు, వానలు మొదలయ్యే కాలం. ఎండ మన విజయవాడ మే నెలంత ఉండదు గానీ గాలిలో తడి ఎక్కువ, చెమట ఆరదు. ఆ చెమటలో నడుముకి ప్లాస్టిక్ లాంటి పౌచ్ కట్టుకుంటే మధ్యాహ్నానికి దురద, సాయంత్రానికి చెమటకాయలు, రాత్రికి పట్టీ ఒరుసుకున్న చోట మంట. అప్పుడు ఏం చేస్తాం? విప్పి బ్యాగ్‌లో వేస్తాం. మనీ బెల్టులు చాలావరకు ఓడిపోయేది ఇలాగే, దొంగ చేతిలో కాదు.

తమ్ముడు కొన్న మొదటి బెల్ట్ అదే. లోపలి వైపు నిగనిగలాడే పూత ఉంది. నీళ్ళు లోపలికి పోకుండా వేసే ఆ పూత చెమటని బయటికీ పోనివ్వదు. ఇంటి దగ్గర రెండు గంటలు కట్టుకుని మేడ మీద తిరగమన్నాను. కిందకి వచ్చేసరికి నడుము చుట్టూ ఎర్రటి గీత!

కొనేటప్పుడు ఒంటికి తగిలే వైపు చూడండి. చిన్న చిన్న రంధ్రాల జాలీ బట్ట ఉంటే గాలి ఆడుతుంది. పలచటి నైలాన్ చెమటని పట్టి ఉంచదు కాబట్టి త్వరగా ఆరుతుంది. నూలు మొదట హాయిగా ఉంటుంది, కానీ తడిని తాగి రోజంతా తడిగానే ఉంటుంది, బరువెక్కుతుంది, ఒరుసుకుంటుంది. పట్టు పౌచ్‌లు కూడా దొరుకుతాయి. ఒంటికి బాగానే ఉంటాయి, కానీ ధరెక్కువ, ఉతకడం జాగ్రత్తగా చేయాలి.

ఏ బట్ట అయినా నేరుగా ఒంటి మీద వద్దు. పలచటి బనియన్ వేసి, దాన్ని ప్యాంటులోకి దోపి, ఆ బనియన్ మీద బెల్ట్ కట్టండి. చెమట బనియన్‌కి పోతుంది, పట్టీ చర్మాన్ని ఒరవదు. పౌచ్ బొడ్డు మీద కాకుండా కాస్త పక్కకి, తుంటి ఎముక లోపలి వైపు ఉంచండి. వంగినా కూర్చున్నా మడతపడదు. ఎలాస్టిక్ కింద రెండు వేళ్ళు దూరేంత వదులు ఉండాలి.

కోతకు ఆగే బట్టతో చేసిన మనీ బెల్ట్ కూడా అమ్ముతారు. దానికి ఎక్కువ పెట్టాల్సిన పనిలేదు. చొక్కా కింద ఉన్నదాన్ని బ్లేడ్ వెతుక్కుంటూ రాదు. స్టీల్ వల ఉంటే ఒంటి మీద గట్టిగా, వేడిగా ఉంటుంది. ఆ బట్ట బయటి బ్యాగ్‌కి కావాలి, లోపలి బెల్ట్‌కి గాలి కావాలి.

చీర కట్టుకునేవాళ్ళకి బెల్ట్ కంటే ఇంకో దారి బాగుంటుంది. పిన్ని లంగాకి లోపలి వైపు, బొందుకి కాస్త కింద, అరచెయ్యంత జేబు కుట్టించింది. పైన చిన్న జిప్పు. టైలర్ అరగంటలో కుట్టేశాడు. కుచ్చిళ్ళ కింద అక్కడ జేబు ఉందని ఎవరికీ తెలియదు, నడుముకి ఇంకో పట్టీ బిగుతూ లేదు. పంచె కట్టుకునేవాళ్ళు లోపల జేబున్న షార్ట్ వేసుకుంటే సరిపోతుంది.

చివరగా, నోట్లు తడుస్తాయి. చెమటకి నోటు మెత్తబడి అంటుకుపోతుంది, కాగితం టికెట్ అయితే చదవడానికే రాదు. చిన్న జిప్ కవర్‌లో పెట్టి గాలి తీసి మూయండి. ఫోన్ మాత్రం మనీ బెల్ట్‌లో పెట్టకండి. ఒంటి వేడి, ఎండ వేడి కలిసి ఫోన్ మరీ వేడెక్కుతుంది. ఐఫోన్‌ని 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడమని కంపెనీయే చెబుతుంది. ఫోన్ చోటు బయటి బ్యాగ్‌లో, పొట్ట వైపు అరలో.

మేం పూరీకి ఎలా సర్దుకున్నామంటే

విశాఖలో రైలెక్కాం. పలాస, బరంపురం, ఖుర్దా రోడ్ మీదుగా పూరీ. రెండు రోజులకి ముగ్గురికీ కలిపి 9,000 రూపాయలు నగదు తీసుకున్నాం. ఒక్కరి దగ్గరే పెట్టకుండా తలా 3,000 చేశాం.

నా మూడు వేలలో 2,300 మనీ బెల్ట్‌లోకి వెళ్ళాయి. దాంతోపాటు రెండో డెబిట్ కార్డు, ఆధార్ జిరాక్స్, ఒక చిన్న చీటీ. చీటీ మీద ఇంటివాళ్ళ మూడు నంబర్లు, బ్యాంకు కార్డు బ్లాక్ చేసే నంబరు, రైలు పీఎన్ఆర్ చేత్తో రాసుకున్నాను. పిన్నికి ఆ రోజు లేనిది సరిగ్గా ఈ చీటీయే.

బ్యాగ్‌లో 500, ఫోన్, 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్, చిన్న తువ్వాలు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు. ఫోన్, పవర్ బ్యాంక్ కలిపి నాలుగు వందల గ్రాములు దాటతాయి, బ్యాగ్ దానంతట అదే సుమారు అర కిలో. మొత్తం కిలో లోపే ఉంచాను. అర లీటరు నీళ్ళ సీసా కూడా అందులో పెడితే బరువు ఒక్కసారిగా సగం పెరుగుతుంది, పట్టీ భుజంలోకి దిగుతుంది, ఆ పట్టీ కింద చెమట ఆరక మంట పుడుతుంది. సీసా చేత్తోనే పట్టుకున్నాం. పట్టీ మూడు నాలుగు సెంటీమీటర్ల వెడల్పు ఉన్నది తీసుకున్నాను. సన్నటి పట్టీ అందంగా ఉంటుంది, గంట తర్వాత తాడులా కోస్తుంది. ప్రతి గంటకీ భుజం మార్చుకున్నాం.

మిగిలిన 200 రూపాయలు చొక్కా జేబులో. టీలకీ, ఆటోకీ అవే. అవి అయిపోతే గోడ పక్కకి వెళ్ళి, ఒకరు అడ్డంగా నిలబడగా బ్యాగ్‌లోంచి తీసుకున్నాం. బెల్ట్ రెండు రోజుల్లో రూమ్‌లో తప్ప తెరవలేదు.

మొదటి రోజు తాడు లాగే జనంలో నిలబడినప్పుడు తమ్ముడు అడిగాడు. "అన్నయ్యా, నీ బ్యాగ్ మీద చెయ్యి తీయవా? దండం పెట్టవా?" నవ్వొచ్చింది. చెయ్యి తీశాను. తీయడానికే కదా ఇంత సర్దుకుంది! ఆ బ్యాగ్ పోయినా ఒక ఫోన్, 500 రూపాయలు పోతాయి. ఇంటికి చేరే డబ్బు, నంబర్లు, టికెట్ వివరం ఒంటి మీదే ఉన్నాయి. ఆ ధైర్యంతో రెండు చేతులూ ఎత్తాను.

రెండో రోజు ఇంకో విషయం తెలిసింది. జగన్నాథ ఆలయంలోకి ఫోన్లు, తోలు వస్తువులు తీసుకెళ్ళనివ్వరు. తమ్ముడి నడుముకి తోలు బెల్టు, పర్సూ తోలుదే. రెండూ బయట ఇచ్చి వెళ్ళాల్సి వచ్చింది. తోలుతో చేసిన డబ్బు బెల్టులు కూడా అమ్ముతారు, ప్యాంటు బెల్ట్ లోపల రహస్య జిప్పు ఉండేవి. పూరీకి అవి వద్దు. బట్టవే తీసుకోండి. స్టీల్ వల ఉన్న బ్యాగ్ మెటల్ డిటెక్టర్ దగ్గర బీప్ అనొచ్చు, తెరిచి చూపించడానికి సిద్ధంగా ఉండండి.

సముద్ర స్నానం చేసి వచ్చాక బ్యాగ్‌నీ బెల్ట్‌నీ మంచినీళ్ళతో కడిగి నీడలో ఆరేయండి. ఉప్పు, చెమట రెండూ జిప్పుని బిగుసుకుపోయేలా చేస్తాయి. బిగుసుకున్న జిప్పుని మనం సగం తెరిచే వదిలేస్తాం, అదీ సంగతి.

"ఆర్ఎఫ్ఐడీ బ్లాకింగ్" కోసం డబ్బు పెట్టాలా?

చాలా బ్యాగుల ధర ఈ ఒక్క మాట వల్ల పెరుగుతుంది. జేబులోని కార్డుని దూరం నుంచి మెషిన్‌తో చదివేస్తారు అన్న భయం అది. రద్దీలో మీకు నిజంగా వచ్చే ప్రమాదం కార్డు మొత్తంగా పోవడం. మన దేశంలో ట్యాప్ చేసి పిన్ లేకుండా 5,000 రూపాయల దాకా చెల్లించవచ్చు కాబట్టి, పోయిన కార్డుతో ఎవరైనా వాడేసుకోవచ్చు. దానికి మందు బ్యాగ్‌లో లేదు, మీ బ్యాంకు యాప్‌లో ఉంది. ప్రయాణానికి ముందు కార్డు సెట్టింగ్స్‌లో కాంటాక్ట్‌లెస్ ఆఫ్ చేయండి. ఆ డబ్బు అడుగున కూడా వల ఉన్న బ్యాగ్‌కి పెట్టండి.

ఇంత చేసినా ఫోన్ పోతే ముందు వెతుక్కుంటూ జనంలోకి వెళ్ళకండి. పక్కకి రండి. చీటీ తీయండి. పక్కవాళ్ళ ఫోన్‌తో ముందు సిమ్, తర్వాత కార్డు బ్లాక్ చేయించండి. సిమ్ ముందు ఎందుకంటే ఓటీపీలు దానికే వస్తాయి. ఖాతాలోంచి డబ్బు పోయినట్టు తెలిస్తే వెంటనే 1930కి చెప్పండి. ఆ తర్వాత పోలీసు సహాయ కేంద్రం.

పిన్ని ఇప్పుడు ఎక్కడికి బయల్దేరినా ముందు ఆ లంగా జేబు జిప్పు వేసి చూసుకుంటుంది, చీటీ ఉందో లేదో తడుముతుంది. ఇంట్లోనే, తలుపు వేసుకుని! మీరు కూడా బయల్దేరే ముందు రోజు అన్నీ కట్టుకుని, నింపుకుని, మేడ మీద రెండు గంటలు తిరగండి. ఎక్కడ ఒరుస్తుందో, బకిల్ ఒక్క చేత్తో వస్తుందో లేదో అక్కడే తెలిసిపోతుంది.

జై జగన్నాథ్!